బొటనవేలి బుడిపె నొప్పి: ముందు చెప్పులు, తర్వాత స్పేసరు, ఆపరేషన్ ఎప్పుడు?

కాలి బొటనవేలి మొదట్లో, పాదం లోపలి పక్కన బుడిపె తేలి, చెప్పు రాసుకుంటే చాలు ప్రాణం పోయినట్టు ఉంటే అది చాలావరకు బునియన్. అక్కడ కొత్తగా ఎముక పెరిగిందని అనుకుంటాం కానీ, జరిగేది వేరు. బొటనవేలు పక్కవేలి మీదికి ఒరుగుతుంది. దాని వెనక పాదంలో ఉండే పొడుగాటి ఎముక ఎదురు దిక్కుకు జరుగుతుంది. ఆ రెండూ కలిసే కీలు బయటికి పొడుచుకొస్తుంది. మీ చేతికి తగిలే బుడిపె ఆ పొడుగెముక తలకాయే. అందుకే నూనె రుద్దినా, కట్టు కట్టినా అది కరగదు. తగ్గించుకోగలిగింది నొప్పిని. చాలామందికి అది ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది, కానీ చేసే పనులకు ఒక వరుస ఉంది. ఆ వరుస తప్పి, ముందు ఆన్‌లైన్‌లో వేళ్ళ మధ్య పెట్టుకునే స్పేసరు కొని ఇరుకు చెప్పులోనే దూర్చుకున్నవాళ్ళకు నొప్పి ఇంకా ఎక్కువవుతుంది.

ఉదాహరణకు ఇద్దరిని వెంట తీసుకుపోదాం. ఒకామె తిరుపతి బైరాగిపట్టెడలో ఉండే టీచరు, 46 ఏళ్ళు. రోజూ ఐదు పీరియడ్లు నిలబడే పాఠం చెప్పాలి. బడికి నల్ల బెల్లీస్, ఇంట్లో హవాయి చెప్పులు, రెండు కాళ్ళకూ మెట్టెలు. రెండో ఆమె వాళ్ళమ్మ, చిత్తూరులో ఉంటుంది, 67 ఏళ్ళు. తల్లీకూతుళ్ళిద్దరికీ ఒకటే బుడిపె. ఇది వింతేమీ కాదు. బునియన్ వచ్చే పాదం ఆకారం చాలావరకు పుట్టుకతో, వంశంలో వస్తుంది. ఇరుకు చెప్పులు దాన్ని తొందరపెడతాయి, నొప్పి పుట్టిస్తాయి.

మొదటి పని: అది బునియనేనా, నొప్పి ఎక్కడ?

రాత్రి బాగానే పడుకుని, తెల్లారేసరికి బొటనవేలి కీలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి వచ్చిందంటే అది బునియన్ పని కాకపోవచ్చు. గౌట్ అట్లాగే వస్తుంది. దానికి డాక్టరు దగ్గరికి పోయి యూరిక్ యాసిడ్ సంగతి చూపించుకోవాలి, చెప్పులు మార్చి ప్రయోజనం లేదు. బుడిపె పక్కన కాకుండా కీలు పైభాగంలో ఉండి, వేలు పైకి వంగకుండా బిగుసుకుపోయి ఉంటే అది కీలు అరుగుదల. దాని దారి కూడా వేరే. ఇక షుగర్ ఉండి, పాదాలు తిమ్మిరిగా ఉండి, బుడిపె మీద చర్మం చిట్లినా, రసి కారినా ఇంట్లో ఏ ప్రయోగమూ చేయకుండా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

ఇవేవీ కాకపోతే, నొప్పి సరిగ్గా ఎక్కడుందో వేలితో నొక్కి చూసుకోండి. తర్వాత చేసేదంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది. బుడిపె మీది చర్మమే ఎర్రబడి, అక్కడే నొప్పి ఉండి, చెప్పులు విప్పేసిన కాసేపటికి సర్దుకుంటే, అది రాపిడి నొప్పి. చెప్పులు మారిస్తే ఎక్కువగా తగ్గేది ఇదే. బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఒరుసుకుని ఆనికాయ కట్టి ఉంటే స్పేసరు పనికొస్తుంది. చెప్పులు లేకుండా కూర్చుని వేలిని వంచినప్పుడు కీలు లోపల పోటు వచ్చినా, రెండో వేలి కింద అరికాలిలో గులకరాయి మీద నడిచినట్టు ఉన్నా, పాదం బరువు మోసే తీరే మారిందని అర్థం. చెప్పులు అక్కడ కొంతవరకే ఆదుకుంటాయి.

మన టీచరుకు మొదటి రెండూ ఉన్నాయి. వాళ్ళమ్మకు అన్నీ ఉన్నాయి, పైగా రెండో వేలు బొటనవేలి మీదికెక్కి కూర్చుంది.

రెండో పని: కాగితం మీద పాదం గీత

సాయంత్రం, పాదాలు కాస్త వాచి ఉన్నప్పుడు, ఒక తెల్లకాగితం నేల మీద పెట్టి దాని మీద నిలబడండి. కూర్చుని గీస్తే పాదం సన్నగా వస్తుంది, లాభం లేదు. ఇంట్లో ఇంకొకరిని పెన్సిలు నిట్టనిలువుగా పట్టుకుని చుట్టూ గీయమనండి. రెండు పాదాలూ వేరువేరుగా గీయాలి, ఎందుకంటే బుడిపె సాధారణంగా ఒక కాలికి పెద్దది. బుడిపె దగ్గర అడ్డంగా ఎంత వెడల్పుందో స్కేలుతో కొలవండి. ఆ గీతను కత్తెరతో కత్తిరించి దగ్గర ఉంచుకోండి.

ఇప్పుడు మీరు రోజూ వేసుకునే చెప్పు లోపలి అట్ట మీద ఆ కాగితం పరచండి. టీచరు కుడిపాదం వెడల్పు 97 మిల్లీమీటర్లు వచ్చింది. బెల్లీస్ లోపలి అట్ట అదే చోట 80. అంటే 17 మిల్లీమీటర్ల పాదం రోజంతా రెక్సిన్ గోడకు ఒత్తుకుని నిలబడి ఉందన్నమాట. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా అయితే మెత్తటి తోలు సర్దుకుంటుంది. అంతకు మించితే ఆ జతను పక్కన పెట్టేయడమే మంచిది, ఎంత ఖరీదు పెట్టి కొన్నా సరే.

మూడో పని: చెప్పులు ఎంచుకోవడం

కత్తిరించిన కాగితాన్ని షాపుకు తీసుకుపోండి. షాపువాళ్ళు నవ్వితే నవ్వనీయండి. చెప్పు మీద వేసే నంబరు పొడవు సంగతే చెబుతుంది, వెడల్పు గురించి చెప్పదు. అందుకే చాలామంది వెడల్పు కోసం ఒకటి రెండు నంబర్లు పెద్దది కొంటారు. అప్పుడు మడమ జారుతుంది, చెప్పు ఊడిపోకుండా వేళ్ళతో పట్టుకుని నడుస్తారు, ఆ పట్టుకోవడంలోనే నొప్పి పెరుగుతుంది. పొడవు సరిపోయి ముందు భాగం గుండ్రంగా, వెడల్పుగా ఉన్నది వెతకాలి. అన్నిటికంటే పొడుగు వేలికి ముందు దాదాపు ఒక సెంటీమీటరు ఖాళీ ఉంటే చాలు. ఆడవాళ్ళ వరసలో దొరక్కపోతే మగవాళ్ళ ఫ్లోటర్లు, శాండిల్స్ చూడండి. అదే పొడవులో అవి వెడల్పుగా ఉంటాయి. చీర కింద ఎవరూ చూడరు, చూసినా నడవాల్సింది మీరే కదా.

పట్టీలు ఎక్కడ పడుతున్నాయో చూడడం ఇంకా ముఖ్యం. కుట్టు గానీ, బకిల్ గానీ, పట్టీ అంచు గానీ సరిగ్గా బుడిపె మీద పడకూడదు. హవాయి చెప్పుల్లో ఆ రెండు పట్టీల్లో ఒకటి చాలామందికి అక్కడే ఒరుసుకుంటుంది. బొటనవేలికి రింగు ఉండే చెప్పులు మన ఊళ్ళో ఎంత మామూలైనా బునియన్ ఉన్న పాదానికి నప్పవు. రింగు బొటనవేలిని బిగించి పెడుతుంది, ప్రతి అడుగుకూ దాన్ని లాగుతుంది. అటూ ఇటూ సర్దుకోవడానికి వీలుగా వెల్క్రో పట్టీలున్నవి, వెనక మడమకు కూడా పట్టీ ఉన్నవి అన్నిటికంటే మేలు. బూట్లయితే తాడు కట్టుకునేవి మంచివి, ముందువైపు తాడు వదులు చేసుకోవచ్చు.

మడమ ఎత్తు రెండున్నర, మూడు సెంటీమీటర్లు దాటకూడదు. ఎత్తు పెరిగేకొద్దీ పాదం ముందుకు జారి, బరువంతా ఆ బుడిపె మీదే పడుతుంది. అట్ట కూడా మరీ పలుచగా ఉండొద్దు. చెప్పును చేతిలోకి తీసుకుని వంచి చూడండి. వేళ్ళ దగ్గర కొద్దిగా వంగాలి, మధ్యలో మడతపడకూడదు. కీలు లోపల నొప్పి ఉన్నవాళ్ళకు ముందు కూడా పెద్దగా వంగని గట్టి అట్ట హాయిగా ఉంటుంది.

ఇంట్లో ఉత్త కాళ్ళతో తిరిగితే బుడిపెకు రాపిడి ఉండదు, నిజమే. కానీ టైల్స్ మీద గంటల తరబడి నిలబడి వంట చేస్తే అరికాలి ముందు భాగం నొప్పి పెడుతుంది. దానికి మెత్తటి ఎంసీఆర్ చెప్పులు, వెడల్పు పట్టీ ఉన్నవి, ఒక జత ఇంటి కోసమే ఉంచుకోండి. ఉన్న తోలు బూట్లు పారేయలేకపోతే చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకుపోయి, బుడిపె తగిలే చోట చాక్‌తో గుర్తు పెట్టి, ఆ ఒక్కచోటే సాగదీయమని అడగండి. అసలు తోలయితే సాగుతుంది. రెక్సిన్ సాగదు, పగులుతుంది.

కొండకు నడిచి పోయేవాళ్ళు ఎట్లాగూ అడుగుతారు కాబట్టి ఇక్కడే చెబుతాను. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. ఎక్కేటప్పుడు వేళ్ళ మీద మాత్రమే ఆనుకుంటే ప్రతి మెట్టుకూ బొటనవేలి కీలు పూర్తిగా వంగుతుంది. పాదమంతా మెట్టు మీద పెట్టి, తొడ బలంతో లేవండి. బుడిపె ఎర్రగా వాచి ఉన్న రోజుల్లో మొక్కును వాయిదా వేసుకోండి. షుగర్‌తో పాదాలు తిమ్మిరెక్కినవాళ్ళు మధ్యాహ్నం కాలిన రాళ్ళ మీద ఉత్త కాళ్ళతో నడవకూడదు. బొబ్బలెక్కినా వాళ్ళకు తెలియదు.

నాలుగో పని: మెట్టెలు, ఆ తర్వాత స్పేసరు

స్పేసరు అంటే బొటనవేలికీ రెండో వేలికీ మధ్య పెట్టుకునే మెత్తటి సిలికాన్ ముక్క. పెద్ద మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. అది ఎముకను వెనక్కి తీసుకురాదు. పెట్టుకున్నంతసేపు రెండు వేళ్ళూ ఒరుసుకోకుండా చూస్తుంది, కీలు మీద లాగుడు కాస్త తగ్గిస్తుంది. తీసేస్తే వేలు పాత చోటికే పోతుంది. రాత్రిపూట కట్టుకునే గట్టి పట్టీల సంగతీ అంతే. కొందరికి హాయిగా ఉంటుంది, పెద్దవాళ్ళ పాదంలో వంకర మాత్రం పోదు. నెల రోజుల్లో వేలు తిన్నగా అవుతుందని ఫోటోలు పెట్టి అమ్మేవాళ్ళను నమ్మకండి.

పెట్టుకునే ముందు మన ఆడవాళ్ళకు ఒక అడ్డంకి ఉంది. మెట్టె ఉండేది సరిగ్గా స్పేసరు పెట్టాల్సిన సందులోనే. బొటనవేలు ఒరిగేకొద్దీ లావు మెట్టె దాని పక్కన గుచ్చుకుంటుంది, చర్మం నల్లబడి ఆనికాయ కడుతుంది. దాని మీద స్పేసరు కూడా దూర్చితే పుండు పడుతుంది. తీయడానికి మనసొప్పనివాళ్ళు నున్నగా, పలుచగా ఉండే, వెనక తెరిచిన మెట్టెకు మారొచ్చు. స్పేసరు వేసుకునే గంటలు మాత్రం దాన్ని తీసి పక్కన పెట్టుకోవాలి. వేలు వాచి మెట్టె రాకపోతే సబ్బునీళ్ళతో ప్రయత్నించండి. అయినా రాకపోతే కంసాలి దగ్గర కత్తిరించుకోవడమే మేలు, అది బిగుసుకుపోయి వేలు నీలమయ్యేదాకా ఆగొద్దు.

స్పేసరుల్లో పలుచటిదానితో మొదలుపెట్టండి. వేలిని బలవంతంగా తిన్నగా నిలబెట్టే లావుది కొనాలనిపిస్తుంది, కొనకండి. అది రెండో వేలిని మూడోదాని మీదికి తోసేస్తుంది. పెట్టుకోగానే రెండో వేలు పక్కకు కదిలిందంటే మీకది లావని అర్థం. మొదట ఇంట్లో కూర్చుని 20 నిమిషాలు. తీసి చర్మం చూడండి. ఎరుపు కాసేపట్లో పోవాలి, తిమ్మిరి ఉండకూడదు. సరిపడితే రోజుకు కాసింత పెంచుతూ పోవచ్చు.

ఆ తర్వాతే చెప్పులో వేసుకుని చూడాలి. స్పేసరు బొటనవేలిని బయటికి తోస్తుంది కదా, బుడిపె అంత మేరకు చెప్పు గోడ వైపుకు పోతుంది. చెప్పులో చోటు ఉంటే హాయిగా ఉంటుంది. లేకపోతే నొప్పి రెట్టింపవుతుంది. స్పేసరు వేసుకున్నాక బుడిపె ఎక్కువ నొప్పి పెడుతోందంటే స్పేసరును తిట్టుకోకండి, కాగితం గీత తీసి ఆ చెప్పును మళ్ళీ కొలవండి.

మన ఎండలకూ చెమటకూ వేళ్ళ సందులు త్వరగా పాసిపోతాయి. స్పేసరును రోజూ సబ్బుతో కడిగి ఆరబెట్టాలి, సందులు పొడిగా తుడుచుకోవాలి. చర్మం తెల్లగా నానినట్టై, దురదగా, వాసనగా ఉంటే స్పేసరు ఆపేసి ఫంగస్ మందు వాడాలి. షుగర్‌తో స్పర్శ తగ్గినవాళ్ళు, కాళ్ళకు రక్తప్రసరణ తక్కువున్నవాళ్ళు డాక్టరుకు చూపించకుండా స్పేసరు పెట్టుకోకూడదు. ఆనికాయల మీద అతికించే మందు పట్టీలు కూడా వాళ్ళకు వద్దు, అందులోని ఆమ్లం మంచి చర్మాన్ని కూడా తినేస్తుంది.

బుడిపె ఎర్రగా వాచిన రోజుల్లో బట్టలో చుట్టిన ఐసు పది పదిహేను నిమిషాలు పెట్టండి, డైక్లోఫెనాక్ జెల్ రాయొచ్చు. నొప్పి మాత్రలు నెలల తరబడి మింగడం మాత్రం వద్దు. కిడ్నీ, అల్సరు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా ఒక్కటి కూడా వేసుకోవద్దు.

టీచరు బెల్లీస్ మానేసి వెల్క్రో శాండిల్స్‌కు మారింది. బడిలో స్పేసరు లేదు, మెట్టెలే. ఇంటికొచ్చాక మెట్టెలు తీసి రెండు గంటలు పలుచటి స్పేసరు. కొన్ని వారాలకే బుడిపె మీద ఎరుపు పోయింది, నెలలు గడిచేసరికి సాయంత్రాలు కుంటడం తగ్గింది. బుడిపె అంతే ఉంది. ఆమెకు ఆపరేషన్ అక్కర్లేదు. రేపు ఎక్కువ అవుతుందేమోనని ముందుగానే చేయించుకోవడం కూడా సరికాదు.

ఐదో పని: ఆపరేషన్ గురించి ఎప్పుడు ఆలోచించాలి

చెప్పులు నిజంగా మార్చి, మూడు నుంచి ఆరు నెలలు చూశాక కూడా రోజువారీ నడక కష్టమవుతుంటే అప్పుడు ఎముకల డాక్టరును కలవండి. తిరుపతిలో టీటీడీ వారి బర్డ్, స్విమ్స్, రుయా ఉన్నాయి. చిత్తూరువాళ్ళకు వేలూరు సీఎంసీ కూడా దగ్గరే. రెండో వేలు పైకెక్కడం, దాని కింద అరికాలిలో నొప్పి, బుడిపె మీద పదేపదే పుండు పడడం కూడా చూపించుకోవాల్సిన గుర్తులే. పాదం అందంగా లేదన్నది, కోసుగా ఉండే చెప్పులు వేసుకోవాలన్నది తగిన కారణాలు కావు.

ఎక్స్‌రే నిలబడి తీయాలి. పడుకోబెట్టి తీస్తే వంకర తక్కువగా కనబడుతుంది. అందులో బొటనవేలు ఎంత ఒరిగిందో కోణం కొలుస్తారు. 15 డిగ్రీల లోపు మామూలు, 40 దాటితే తీవ్రం. కానీ కోణం చూసి కత్తి పట్టరు, నొప్పిని చూసి పడతారు. కోణం ఆపరేషన్ కావాలా వద్దా అన్నదానికంటే, ఏ రకం ఆపరేషన్ అన్నదాన్ని నిర్ణయిస్తుంది. వంకర తక్కువైతే ఎముకను బొటనవేలికి దగ్గర కోసి, పక్కకు జరిపి స్క్రూ వేస్తారు. ఎక్కువైతే ఇంకా వెనక కోస్తారు, లేదా పాదం మధ్యలో ఉన్న కీలును అతికిస్తారు. కీలే అరిగిపోయి ఉంటే బొటనవేలి కీలునే కదలకుండా అతికించేస్తారు. నొప్పి పోతుంది, కానీ ఆ తర్వాత గొంతుకూర్చోవడం, నేల మట్టం లెట్రిన్ వాడడం కష్టమవుతుంది. ఇంట్లో ఏ రకం లెట్రిన్ ఉందో డాక్టరుకు ముందే చెప్పండి, ఆయన అడక్కపోయినా. బుడిపె ఒక్కటే చెక్కేసి పంపిస్తామంటే, ఒరిగిన ఎముకను ఏం చేస్తారని అడగండి. అది తిన్నగా కాకపోతే వంకర మళ్ళీ తిరిగొస్తుంది.

ఫిన్లాండ్‌లో 209 మందిని మూడు గుంపులు చేసి 2001లో ఫలితాలు ప్రచురించారు. ఒక గుంపుకు ఆపరేషన్, ఒక గుంపుకు చెప్పులో పెట్టుకునే అట్టలు, మూడోవాళ్ళకు ఏమీ చేయకుండా చూస్తూ ఉండడం. ఆరు నెలల దగ్గర అట్టల వల్ల కూడా కొంత ఉపశమనం కనిపించింది. ఏడాదికి చూస్తే ఆపరేషన్ అయినవాళ్ళే మెరుగ్గా ఉన్నారు. సరైన మనిషికి సరైన సమయంలో చేస్తే పనిచేస్తుందన్నమాట. అయినా వంకర తిరిగి రావడం, కీలు బిగుసుకోవడం, వేలి పక్కన తిమ్మిరి, కుట్ల దగ్గర చీము, నొప్పి రెండో వేలి కిందికి మారడం, ఇవన్నీ కొందరిలో జరుగుతాయి.

చిత్తూరు అమ్మకు ఆపరేషన్ తప్పలేదు. ముందు షుగర్ అదుపులోకి తెచ్చారు, పాదంలో నాడి కొట్టుకోవడం చూశారు. మెట్టెలు ముందురోజే తీయించారు. దాని గురించి ఇంట్లో చిన్న గొడవే అయింది. ఆసుపత్రి గుమ్మం దగ్గర తేల్చుకునే బదులు వారం ముందే మాట్లాడుకోండి. పొగ తాగేవాళ్ళు ఆపేయాలి, లేకపోతే ఎముక అతుక్కోవడం ఆలస్యమవుతుంది.

తర్వాతి లెక్క ఇట్లా ఉంటుంది. మొదటి రెండు వారాలు కాలు దిండు మీద ఎత్తి పెట్టుకునే ఉండాలి, ఆ తర్వాత కుట్లు తీస్తారు. సుమారు ఆరు వారాలు గట్టి అట్ట ఉన్న ప్రత్యేక చెప్పుతో మడమ మీద బరువు వేసి నడవాలి. కూర్చుని చేసే పనికి నెలా నెలన్నరలో పోవచ్చు, నిలబడి చేసే పనికి రెండు మూడు నెలలు పడుతుంది. కుడికాలైతే బండి బ్రేకు అదే కాలితో కదా, గట్టిగా తొక్కగలిగేదాకా, ఆరు నుంచి ఎనిమిది వారాలు, నడపకండి. వాపు ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది కూడా ఉంటుంది. కాబట్టి కొత్త చెప్పులు వాపు తగ్గాకే కొనండి, మళ్ళీ కాగితం మీద గీసుకుని. రెండు కాళ్ళకూ ఉంటే ఎక్కువ బాధపెట్టేదానికి ముందు చేయించుకుని, అది కోలుకున్నాకే రెండోదాని సంగతి మాట్లాడుకోండి. ఇంట్లో సాయం చేసే మనిషి లేకపోతే ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే రెండు కాళ్ళకూ ఒకేసారి కట్టు ఉంటే బాత్రూముకు పోవడానికి కూడా ఇంకొకరి చెయ్యి కావాలి. పిక్క పట్టేసి, వాచి, నొప్పిగా ఉన్నా, ఊపిరాడకపోయినా, కుట్ల దగ్గర ఎరుపు పెరిగి జ్వరం వచ్చినా రివ్యూ తేదీ దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి.